కోల్డ్ స్టోరేజీలో ఇరుక్కున్న బాకీ

గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోయిన ఏడాది రైతు ముందుగా చేసే పని టిక్కీలను కోల్డ్ స్టోరేజీకి తోలడం. ధర లేస్తుందని చూస్తాడు. ఆ రైతుకు సీజనంతా అరువు మీద పురుగుమందులిచ్చిన ఊరి షాపతను రైతు కోసం చూస్తాడు. షాపతనికి సరుకు పంపిన డిస్ట్రిబ్యూటర్ షాపతని కోసం చూస్తాడు. డిస్ట్రిబ్యూటర్ కోసం చూసేది మాత్రం కంపెనీ. అది మిర్చి ధర చూడదు, బిల్లు మీద తేదీ చూస్తుంది. తొంభై రోజులు దాటిన మర్నాడే సిస్టమ్‌లో ఆ పార్టీ పేరు ఎర్రగా మారుతుంది, కొత్త ఇన్‌వాయిస్ కొట్టబోతే కొట్టనివ్వదు.

2025 ఆరంభంలో సరిగ్గా ఇదే జరిగింది. యార్డులో ధర ఎంత పడిందంటే, ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించాల్సి వచ్చింది. ఆ వారాల్లో జిల్లాలో ఎంతమంది డిస్ట్రిబ్యూటర్లు కంపెనీల ఫోన్లు ఎత్తడం మానేశారో వాళ్ల లెక్కలు చూసే మాలాంటివాళ్లకు తెలుసు. ఫోన్ ఎత్తకపోవడం తప్పించుకోవడానికి కాదు, చెప్పడానికి మాట దొరక్క. ఆ దొరకని మాటను కాగితం మీద ఎలా పెట్టాలో ఈ వ్యాసంలో చెప్తాను. కంపెనీకి పోయే మెయిల్ సాధారణంగా ఇంగ్లీషులోనే పోతుంది. అందులో ఏముండాలన్నది మనం తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. నేను చూసిన రెండు మూడు ఖాతాలను ఒకటిగా కలిపి, పేర్లు తీసేసి, అంకెలు మార్చి ఒకే ఉదాహరణగా చెప్తున్నాను.

ఈయనది గుంటూరు దగ్గర పురుగుమందుల డిస్ట్రిబ్యూషన్. మూడు నాలుగు కంపెనీల సరుకు అమ్ముతాడు. అందులో పెద్దది హైదరాబాద్ శివారులో ఫ్యాక్టరీ ఉన్న ఒక కంపెనీ. బిల్లు తేదీ నుంచి 90 రోజుల గడువు. 2025 మార్చి మొదటి వారంలో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది: మీ ఖాతాలో 48,60,000 రూపాయలు బాకీ ఉంది, వారంలో కట్టకపోతే సప్లై ఆపేస్తాం. ఈయన వెంటనే జవాబు రాయడానికి కూర్చున్నాడు. మొదటి చిత్తులో ఉన్నది ఇది: మార్కెట్ బాగోలేదు, రైతుల దగ్గర డబ్బు లేదు, పదేళ్ల సంబంధం మనది, దయచేసి ఆరు నెలలు టైమ్ ఇవ్వండి.

ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అయినా ఈ ఉత్తరంతో కంపెనీ అకౌంట్స్ మేనేజర్ చేయగలిగింది ఏమీ లేదు. ఆయన దీన్ని పట్టుకెళ్లి తన ఎండీ ముందు పెడితే, ఎండీ అడిగే మొదటి ప్రశ్న ‘ఏ తేదీకి ఎంత?’ అని. రెండోది ‘ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందట?’ అని. రెండింటికీ జవాబు లేని ఉత్తరం ఆ టేబుల్ దగ్గరే ఆగిపోతుంది.

పైగా ఆ 48,60,000 అనే అంకెను ఈయన సరిచూడనే లేదు. తన ట్యాలీలో అదే కంపెనీ ఖాతా తీస్తే 45,15,000 ఉంది. తేడా 3,45,000. ఇలాంటి తేడా లేని ఖాతాను నేను దాదాపు చూడలేదు. రెండు లెడ్జర్లనూ పక్కపక్కన పెట్టి, బిల్లు బిల్లుకు టిక్కు పెట్టుకుంటూ వస్తే తేడా మూడు ముక్కలుగా తేలింది. ఖరీఫ్ స్కీమ్ కింద రావాల్సిన 2,10,000 క్రెడిట్ నోట్‌ను కంపెనీ ఇంకా వేయలేదు. డిసెంబరులో వెనక్కి పంపిన కారిన డబ్బాల విలువ 95,000 ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగింది కానీ ఖాతాలోకి ఎక్కలేదు. నవంబరులో పంపిన 40,000 రూపాయల ఆర్‌టీజీఎస్‌ను అదే పేరు పోలిన వేరే పార్టీ ఖాతాలో జమ వేశారు. లారీ రసీదు నంబరు, బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు, స్కీమ్ సర్క్యులర్ తేదీ, మూడింటికీ ఆధారాలు ఉన్నాయి.

ఈ పని ముందే ఎందుకు చేయాలంటే, మీరు రాసే మెయిల్ బాకీ ఒప్పుకోలు కూడా అవుతుంది. అప్పు వసూలుకు దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. ఆ గడువు లోపల బాకీదారు సంతకంతో రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుంటే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. నిజంగా ఉన్న బాకీని ఒప్పుకోవడానికి భయపడక్కర్లేదు. కంపెనీకి మీ మీద నమ్మకం కలిగించే మాట కూడా అదే. కానీ రావాల్సిన స్కీమ్ సొమ్ము వదిలేసి 48,60,000 కడతానని రాసేస్తే, తర్వాత ఆ 3,45,000 అడగడానికి మీ రాతే అడ్డొస్తుంది. అందుకని ఈయన మెయిల్ మొదటి పేరా ఇలా మారింది:

‘సార్, మార్చి 10 నాటికి మా పుస్తకాల ప్రకారం మీకు చెల్లించాల్సింది 45,15,000 రూపాయలు. ఈ మొత్తాన్ని మేం అంగీకరిస్తున్నాం. మీ లెడ్జర్‌కు దీనికి ఉన్న 3,45,000 తేడా వివరాలు, ఆధారాలు జతచేశాం. అవి తేలే వరకు ఆగకుండా, ఒప్పుకున్న మొత్తం మీద చెల్లింపులు మొదలుపెడుతున్నాం.’

చివరి వాక్యాన్ని గమనించండి. చాలామంది తేడాను సాకుగా పెట్టుకుని, లెక్క తేలాక కడతామంటారు. అది కంపెనీవాళ్లకు అలవాటైన ఎత్తుగడ, వెంటనే పసిగడతారు. తేడా ఒక దారిన, చెల్లింపు మరో దారిన నడుస్తాయని చెప్పిన క్షణంలో ఉత్తరం చదివే తీరే మారిపోతుంది.

ఈ 45,15,000లో అంతా గడువు దాటినది కాదు. డిసెంబరు 10 తర్వాతి బిల్లులు 6,15,000 వరకు ఇంకా గడువులోనే ఉన్నాయి. దాటింది 39,00,000. అందులో జూలై, ఆగస్టు బిల్లులు 8,00,000. సెప్టెంబరు 20న, 27న వచ్చిన రెండు బిల్లులు ఒక్కొక్కటి 5,90,000. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా వచ్చినవి 19,20,000. గడువులో ఉన్న 6,15,000ను ఈయన వాయిదాల్లో కలపలేదు, వాటి తేదీలకే కడతానన్నాడు. ఇది తెలివైన పని. గడువు దాటనిదాన్ని కూడా వాయిదాల్లో కలిపేస్తే ‘ఈయన చేతులెత్తేశాడు’ అని అర్థం చేసుకుంటారు. కొత్త బిల్లులు తేదీకి కడుతూ పాతదానికి మాత్రమే వ్యవధి అడిగితే, ఇరుక్కున్నది ఒక సీజన్ సరుకేనని తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈ కంపెనీ సరుకు మీద ఊళ్ల డీలర్లు ఈయనకు ఇవ్వాల్సింది 52 లక్షలు. ఈయనా, గుమాస్తా ఒక ఆదివారమంతా కూర్చుని డీలర్ల పేర్లు ఒక్కొక్కటే చదివి, ప్రతి పేరు పక్కన ఆ ఊళ్లో మిర్చి ఎక్కడుందో రాశారు. యార్డుకు వచ్చి అమ్ముకుంటున్న ఊళ్లవి 24 లక్షలు. ఇవి మార్చి నుంచి మే లోపల వస్తాయి. రైతులు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న ఊళ్లవి 20 లక్షలు. షాపు మూసేసినవాళ్లు, రెండేళ్లుగా మొహం చాటేస్తున్నవాళ్లవి 8 లక్షలు. ఈ ఎనిమిదిని ఈయన ప్రణాళికలో సున్నాగా వేశాడు. అవి వస్తే వచ్చినట్టు. వస్తాయనుకుని వాయిదా ఒప్పుకుంటే ఆ వాయిదా తప్పినట్టే.

కోల్డ్ స్టోరేజీ డబ్బు ఎప్పుడొస్తుందన్నది ఊహతో చెప్పేది కాదు. పాత మూడేళ్ల వసూళ్లు నెలవారీగా ట్యాలీలో ఉన్నాయి. తీసి చూస్తే జూన్, జూలైలలో ప్రతి ఏడాదీ వసూలు అడుగంటుతుంది. అప్పుడు రైతు చేతిలో ఉన్న కాస్త డబ్బు విత్తనాలకు, దుక్కికి పోతుంది, మందుల షాపు పాత బాకీ గుర్తుకు రాదు. ఆగస్టు నుంచి మళ్లీ కదలిక. కొత్త పంట రాకముందే స్టోరేజీ ఖాళీ చేయాలి కాబట్టి చలికాలానికి ముందు అమ్మకాలు పెరుగుతాయి. అందుకే ఈ ఖాతాలో నెలనెలా సమానంగా కట్టే వాయిదా ఎంత చక్కగా కనిపించినా పనికిరాదు. తొమ్మిది నెలలకు భాగిస్తే నెలకు నాలుగు లక్షల పైచిలుకు. ఏప్రిల్‌లో అంతకన్నా ఎక్కువే కట్టగలడు, జూన్‌లో సగం కూడా కట్టలేడు. జూన్‌లో వాయిదా తప్పాక మిగతా పట్టికను కంపెనీ నమ్మదు.

ఇంకో వనరు గోడౌన్‌లోనే ఉంది. సీల్ తీయని పెట్టెలు 2,70,000 రూపాయలవి. ఎక్స్‌పైరీకి ఇంకా ఏడాది పైన ఉంది. కొత్త సీజన్‌లో అవే మందులు కంపెనీ వేరే జిల్లాల్లో అమ్ముకోగలదు. వాటిని వెనక్కి తీసుకుని క్రెడిట్ నోట్ ఇవ్వమని అడిగాడు. సరుకు వెనక్కి ఇవ్వడం నామోషీ అనుకునేవాళ్లున్నారు. కానీ ఎక్స్‌పైరీ దగ్గరపడ్డాక ఆ పెట్టెలను ఎవరూ తీసుకోరు, అప్పుడు వాటి బాకీ మాత్రం మిగులుతుంది.

అవి పోగా కట్టాల్సింది 36,30,000. పట్టిక ఇలా వచ్చింది. మార్చి 17న 5,90,000, మార్చి 24న మరో 5,90,000. ఏప్రిల్ 20న, మే 20న నాలుగేసి లక్షలు. జూన్, జూలై నెలల్లో లక్షన్నర చొప్పున. ఆగస్టులో మూడు లక్షలు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరులలో మూడున్నర లక్షల చొప్పున, అన్నీ 20వ తేదీనే. మే దాకా ఇచ్చేది, గడువులో ఉన్న బిల్లులతో కలిపి, 26 లక్షలకు కాస్త తక్కువ. అందుకు యార్డు ఊళ్ల 24 లక్షలు, స్టోరేజీ ఊళ్ల నుంచి ఎంత తక్కువ వేసుకున్నా వచ్చే రెండు లక్షలు సరిపోతాయి. ఆ తర్వాతి ఆరు నెలల్లో ఇచ్చే పదహారున్నరకు స్టోరేజీలో మిగిలే పద్దెనిమిది ఆధారం. జీతాలు, గోడౌన్ అద్దె మిగతా కంపెనీల సరుకు మీద వచ్చే మార్జిన్ నుంచి వెళ్తాయి. ఎటు చూసినా మిగిలేది లక్షన్నర. ఎక్కువేమీ కాదు, కానీ ఎక్కడ మిగిలిందో తెలిసిన లక్షన్నర.

మార్చి చెల్లింపులు రెండూ సరిగ్గా బిల్లు మొత్తాలకు సమానంగా ఉండటం చూశారా? దానికో కారణం ఉంది. చాలామంది డిస్ట్రిబ్యూటర్లకు ఇది ఆడిటర్ చెప్పేదాకా తెలియదు. సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుంటాం. కానీ బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో అమ్మినవాడికి డబ్బు ఇవ్వకపోతే, వాడుకున్న ఆ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. తర్వాత బాకీ తీర్చాక క్రెడిట్ మళ్లీ వస్తుంది, కట్టిన వడ్డీ మాత్రం రాదు. పురుగుమందుల మీద పన్ను 18 శాతం. 5,90,000 బిల్లులో 90,000 పన్నే. సెప్టెంబరు 20 బిల్లుకు 180 రోజులు మార్చి 19తో నిండుతాయి, 27 నాటి బిల్లుకు మార్చి 26తో. ఆ తేదీలకు రెండు రోజుల ముందు కడితే 1,80,000 క్రెడిట్ చేజారకుండా నిలుస్తుంది.

జూలై, ఆగస్టు బిల్లులు అప్పటికే ఆ గీత దాటాయి, క్రెడిట్ వెనక్కి వెళ్లింది. వాటిని మార్చిలో కట్టినా ఏప్రిల్‌లో కట్టినా వచ్చేది ఒకటే. అందుకే వాటిని వెనక్కి నెట్టి సెప్టెంబరు బిల్లులు ముందుకు తెచ్చాడు. అక్టోబరు తర్వాతి బిల్లులు కూడా వేసవిలో ఒక్కొక్కటే గీత దాటుతాయి. వాటిని ఆపే డబ్బు లేదు. ఆ కోతను కొత్త సీజన్ కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్‌తో మోయాలని లెక్క వేసుకున్నాడు. పట్టిక వేసేటప్పుడు ఈ పన్ను కోతను మర్చిపోతే, వాయిదాకు దాచిన సొమ్ము జీఎస్టీకి పోతుంది.

అయితే ఏ బిల్లుకు కడుతున్నామన్నది మనసులో అనుకుంటే చాలదు. డబ్బు పంపి ఊరుకుంటే కంపెనీ తనకు నచ్చిన బిల్లుకు జమ వేసుకోవచ్చు. సాధారణంగా పాతదానికే వేస్తుంది. కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం, చాలా బాకీలు ఉన్నవాడు ఫలానా బాకీకి అని చెప్పి డబ్బిస్తే, తీసుకున్నవాడు దానికే జమ కట్టాలి. చెప్పకపోతే ఎంపిక అవతలివాడిది. అందుకే ప్రతి చెల్లింపు రోజున రెండు వాక్యాల మెయిల్ విడిగా పోవాలి: ఈ యూటీఆర్ నంబరు మీద పంపిన 5,90,000 మొత్తం సెప్టెంబరు 20 నాటి ఫలానా ఇన్‌వాయిస్‌కు. అంతే. ట్యాలీలో కూడా ‘ఆన్ అకౌంట్’ అని వేయకుండా ఆ బిల్లు ఎదురుగానే వేయాలి.

కొత్త సరుకు విషయంలో ఇదే మాట ఇంకా గట్టిగా చెప్పాలి. నేను చూసిన ఒప్పందాల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడ్డాయి. పాత బాకీకి వాయిదాలు ఒప్పుకున్నాక, జూన్‌లో కొత్త సరుకుకు రెండు లక్షలు అడ్వాన్సు పంపుతాడు డిస్ట్రిబ్యూటర్. కంపెనీ ఆ రెండు లక్షలూ పాతదానికి సర్దేసి, సరుకు పంపదు. షాపుల్లో సరుకు ఉండదు. సరుకు ఇవ్వని డిస్ట్రిబ్యూటర్‌కు డీలర్ పాత బాకీ కూడా ఇవ్వడు. వాయిదా ఆగిపోతుంది. కంపెనీవాళ్లు దుర్మార్గులై చేసేది కాదిది. అక్కడి గుమాస్తాకు ఖాతాలో మైనస్ కనిపిస్తుంది, వచ్చిన డబ్బు దానికి వేస్తాడు. అందుకని ఈయన ఉత్తరంలో ఒక షరతు స్పష్టంగా పెట్టాడు: జూన్ నుంచి కొత్త సరుకంతా ముందుగా డబ్బు కట్టే తీసుకుంటాం, ఆ డబ్బు ఆ సరుకుకే, దాన్ని పాత బాకీకి సర్దకూడదు, వీలైతే పాత బాకీని వేరే లెడ్జర్‌లోకి మార్చండి.

అవతలివైపు కూడా ఒక లెక్క ఉంటుంది, దాన్ని తెలుసుకుని రాస్తే ఉత్తరానికి బలం. కంపెనీ కూడా బ్యాంకు దగ్గర క్యాష్ క్రెడిట్ మీద నడుస్తుంది. నెలనెలా బ్యాంకుకు స్టాకు, రావాల్సిన బాకీల స్టేట్‌మెంట్ ఇస్తుంది. దాని ఆధారంగానే ఎంత డ్రా చేసుకోవచ్చో బ్యాంకు నిర్ణయిస్తుంది. మామూలుగా 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకు ఆ లెక్కలోంచి తీసేస్తుంది. అంటే మీ 39 లక్షలు ఆగడం వల్ల కంపెనీకి ఆ 39 లక్షలే కాదు, దాని మీద బ్యాంకు ఇచ్చే సొమ్ము కూడా పోయింది. మార్చి 31 లోపు పదకొండు లక్షల ఎనభై వేలు వస్తాయని చదివినప్పుడు అకౌంట్స్ మేనేజర్ ఊపిరి పీల్చుకునేది ఇందుకే. ఆ పేరా ఉత్తరంలో పైన ఉండాలి, పదేళ్ల సంబంధం గురించిన పేరా కింద ఉన్నా పరవాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కంపెనీ మీడియం స్థాయిది. అదే సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న తయారీదారైతే కథ వేరు. అలాంటివాళ్లకు మీ ఒప్పందంలో 90 రోజులని రాసుకున్నా, చట్టం ఒప్పుకునేది గరిష్ఠంగా 45 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. పైగా ఆదాయపు పన్నులో, ఆ గడువు దాటి మార్చి 31 నాటికి కట్టని కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు, కట్టిన ఏడాదే ఒప్పుకుంటారు. తక్కువ మార్జిన్ మీద బతికే డిస్ట్రిబ్యూటర్‌కు, కట్టని బిల్లులు లాభంగా మారి పన్ను పడితే తట్టుకోవడం కష్టం. అందుకే పట్టిక గీయకముందే కంపెనీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు ఉందా, ఉంటే ఏ తరగతి అన్నది చూసుకోవాలి. ఉంటే మార్చి 31కి ముందు కట్టే మొత్తం ఎంత పెంచగలిగితే అంత మంచిది.

మెయిల్ మార్చి 10న వెళ్లింది. అకౌంట్స్ మేనేజర్‌కు, కాపీ ఎండీకి, ఏరియా సేల్స్ మేనేజర్‌కు. సేల్స్ మేనేజర్‌కు ఫోన్ చేసి ముందే చెప్పాడు: ‘అన్నా, మెయిల్ పెడుతున్నా, మీ సార్ అడిగితే ఊళ్లలో పరిస్థితి నువ్వు చూసిందే చెప్పు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు.’ కంపెనీలో మన తరఫున నిజం చెప్పగలిగేది ఊళ్లు తిరిగే ఆ మనిషే. ఆయనకు తెలియకుండా పై వాళ్లకు రాస్తే ఆ సాయం పోతుంది.

జవాబు మూడు రోజులకు వచ్చింది. పట్టిక ఒప్పుకున్నారు, రెండు షరతులతో. మొదటిది వడ్డీ: గడువు దాటిన రోజు నుంచి 18 శాతం. రెండోది చెక్కులు: వాయిదాలన్నిటికీ ముందే పోస్ట్‌డేటెడ్ చెక్కులు ఇవ్వాలి.

వడ్డీ మీద ఈయన అడిగింది ఇది. మార్చి 10 వరకు వడ్డీ వద్దు. అక్కణ్నుంచి తగ్గుతూ వచ్చే బాకీ మీద 12 శాతం లెక్కకట్టండి, కానీ వసూలు చేయకుండా పక్కన పెట్టండి. వాయిదాలన్నీ తేదీకి కడితే అది రద్దు, ఏదైనా తప్పితే అప్పటిదాకా పడిందంతా కడతాం. మొదట్లో 39 లక్షల మీద నెలకు 39,000 అవుతుంది. దాని మీద కంపెనీ డెబిట్ నోట్ వేస్తే జీఎస్టీ కూడా పడుతుంది, ఆలస్యానికి తీసుకునే వడ్డీని కూడా జీఎస్టీ చట్టం సరుకు విలువలోనే కలుపుతుంది కాబట్టి. ఎండీ దీనికి ఒప్పుకున్నాడు. ఆయనకు కావాల్సింది వడ్డీ కాదు, తేదీ తప్పనివ్వని పట్టు.

చెక్కుల దగ్గర ఈయన తొందరపడలేదు. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇస్తారు. నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే క్రిమినల్ కేసు వేయొచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. డీలర్‌షిప్ తీసుకున్నప్పుడే ఇచ్చిన రెండు ఖాళీ సంతకం చెక్కులు కంపెనీ బీరువాలో ఇప్పటికే ఉన్నాయి. సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాడు నింపినా బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని మూడు నెలలకు మూడు చెక్కులే ఇస్తానన్నాడు. అవి తీరాక తర్వాతి మూడు. బ్యాంకులో వేసే ముందు రోజు మెయిల్ పెట్టాలి, ఆ రోజుకే ఆర్‌టీజీఎస్ వస్తే చెక్కు వెనక్కి ఇచ్చేయాలి. బాకీ పూర్తయ్యాక పాత ఖాళీ చెక్కులు రెండూ తిరిగివ్వాలి. ఈ నాలుగు మాటలూ మెయిల్‌లో రాయించుకుని, కంపెనీ నుంచి ‘అంగీకరిస్తున్నాం’ అన్న జవాబు వచ్చాకే మొదటి చెక్కు రాశాడు. నోటితో ఒప్పుకున్న మేనేజర్ ఆరు నెలల్లో బదిలీ అయితే తర్వాత వచ్చినాయనకు కనిపించేది మెయిల్ ఒక్కటే.

మార్చి 17న, 24న డబ్బు వెళ్లింది. క్రెడిట్ నోట్లు రెండూ ఏప్రిల్‌లో పడ్డాయి, తప్పు ఖాతాలోకి పోయిన 40,000 కూడా సరైన చోటికి చేరింది. జూన్, జూలైలలో లక్షన్నర కట్టడానికే చెమటలు పట్టాయి. అదే నాలుగు లక్షలైతే ఏమయ్యేదో ఈయన ఇప్పటికీ తలచుకుంటాడు. తప్పిపోయేలా కనిపించింది అక్టోబరు వాయిదా. రెండు పెద్ద ఊళ్ల డీలర్లు దసరా తర్వాత ఇస్తామన్నది ఇవ్వలేదు. అక్టోబరు 11 నాటికి లెక్క చూసుకుంటే 20వ తేదీకి మూడున్నర లక్షల్లో రెండే ఉండేట్టు తేలింది. ఆ రోజే మెయిల్ పెట్టాడు: 20న రెండు లక్షలు వస్తాయి, మిగతా లక్షన్నర నవంబరు 5న; ఫలానా రెండు ఊళ్ల నుంచి రావాల్సినది ఇంత, అక్కడ స్టోరేజీలో ఉన్న టిక్కీలు ఇన్ని; చేతిలో ఉన్న అక్టోబరు చెక్కును 20న బ్యాంకులో వేయవద్దని విన్నపం.

తేదీ దాటాక చెప్పే కారణానికీ, తొమ్మిది రోజుల ముందు చెప్పే కారణానికీ కంపెనీ ఇచ్చే విలువ ఒకటి కాదు. చెక్కు ఆపారు. వడ్డీ రద్దు షరతు కూడా నిలిచింది, దాని కోసం విడిగా ఒక వాక్యం అడిగి రాయించుకున్నాడు. నవంబరు 5న లక్షన్నర, 20న చివరి మూడున్నర లక్షలు వెళ్లాయి. ఆ మర్నాడు ఈయన పంపిన ఆఖరి మెయిల్‌లో అడిగినవి రెండే: పాత బాకీ ఖాతాలో నిల్వ సున్నా అని చూపే లెడ్జర్ మీద కంపెనీ ముద్ర, బీరువాలో ఉన్న ఆ రెండు చెక్కులు. వారం తర్వాత కొరియర్‌లో వచ్చిన కవరులో రెండూ ఉన్నాయి. చెక్కుల మీద సంతకాన్ని తనే పెన్నుతో కొట్టేసి, లెడ్జర్ ప్రతితో కలిపి పిన్ను చేసి, ఆ ఏడాది ఫైల్లో పెట్టాడు.